కస్టమ్స్ పేరుతో పార్సిల్ ఫోన్ వస్తే పెట్టేయండి, నేను 95 వేలు పోగొట్టుకున్నాను

ఆన్‌లైన్‌లో వస్తువులు తెప్పించుకునేవాళ్లంతా ఒకసారి చదవండి. మంగళవారం పొద్దున పదకొండింటికి ఫోన్ వచ్చింది. మీ పార్సిల్ ఆగిపోయింది, వివరాలకు ఒకటి నొక్కండి అని రికార్డింగ్. కుక్కర్ రబ్బరు ఆర్డర్ పెట్టి ఉన్నాను, అదే అనుకుని నొక్కాను.

అవతల హిందీ, ఇంగ్లీషు కలిపి మాట్లాడే కుర్రాడు. నా పేరు మీద ముంబై నుంచి తైవాన్‌కి వెళ్తున్న పార్సిల్‌ను కస్టమ్స్ పట్టుకుందట, అందులో అయిదు పాస్‌పోర్టులు, మత్తుమందు ఉన్నాయట. నాది కాదన్నాను. "అయితే మీ ఆధార్ ఎవరో వాడినట్టున్నారు, ఫిర్యాదు ఇవ్వండి" అంటూ నా ఆధార్ చివరి నాలుగంకెలు చదివాడు. అక్కడే నమ్మేశాను. ఆ అంకెలు మనం జిరాక్స్ ఇచ్చిన ప్రతిచోటా ఉంటాయని అప్పుడు తట్టలేదు.

తర్వాత వీడియో కాల్. ఖాకీ చొక్కా, వెనక గోడమీద పోలీసు గుర్తు. తలుపు గడియ పెట్టమన్నాడు, ఫోన్ తిప్పి గదంతా చూపించమన్నాడు. వంటింట్లో కుక్కర్ విజిల్ వేస్తే "ఆ శబ్దం ఏంటి, ఎవరున్నారు?" అని గద్దించాడు. ఎవరికైనా చెబితే వాళ్ల మీదా కేసేనన్నాడు. ఇప్పుడు ఆలోచిస్తే పార్సిల్ కథ కంటే ఈ గడియే అసలు పని చేసింది. పక్కన ఒక్క మనిషి ఉన్నా నాకు మతి ఉండేది.

రెండు గంటలు అలా కూర్చోబెట్టాక అసలు మాట బయటపెట్టాడు: నా డబ్బు సక్రమమైనదో కాదో పరిశీలించడానికి "ప్రభుత్వ ఖాతా"కి పంపాలి, అరగంటలో తిరిగొస్తుంది. 95 వేలు పంపాను. వచ్చిన పేరు చూస్తే ఏదో ట్రేడర్స్! అదీ గమనించలేదు. తర్వాత ఫిక్స్‌డ్ డిపాజిట్ కూడా తీయమన్నాడు, బ్యాంకులో అడిగితే స్థలం కొంటున్నానని చెప్పమన్నాడు. ఈలోగా మావారు భోజనానికి వచ్చి తలుపు బాదారు. ఫోన్ లాక్కుని కట్ చేసి, ఆ చేత్తోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కలిపారు.

హెల్ప్‌లైన్ వాళ్లు ముఖ్యంగా అడిగేది మూడు: ఏ ఖాతా నుంచి, ఎప్పుడు, ఆ లావాదేవీకి బ్యాంకు ఇచ్చే యూటీఆర్ నంబరు ఎంత. అది బ్యాంకు మెసేజ్‌లోనో స్టేట్‌మెంట్‌లోనో ఉంటుంది, వెతికి పెట్టుకుని ఫోన్ చేయండి. దొంగలు డబ్బును ఒక ఖాతాలో ఉంచరు, నిమిషాల్లో ముక్కలు చేసి పది ఖాతాల్లోకి తోసేస్తారు. మేం గంటలోపే చేసినా 38 వేలే హోల్డ్‌లో ఆగాయి, అదీ వెంటనే చేతికి రాదట. cybercrime.gov.in లోనూ ఫిర్యాదు పెట్టాం.

ఇలా వీడియో కాల్‌లో కూర్చోబెట్టే "డిజిటల్ అరెస్ట్" అనేది మన చట్టంలో ఎక్కడా లేదు. 2024 అక్టోబరులో ప్రధాని మన్ కీ బాత్‌లో కూడా చెప్పారు, నేను విన్నాను కూడా. అయినా ఖాకీ చూసేసరికి మర్చిపోయాను. కస్టమ్స్ వాళ్లు రాసే ఉత్తరం మీద డిఐఎన్ అనే నంబరు ఉంటుంది, వాళ్ల వెబ్‌సైట్‌లో కొట్టి చూసుకోవచ్చు. వీడియో కాల్‌లో చూపించే కాగితం మీద ఎన్ని రౌండు సీళ్లున్నా చూడక్కర్లేదు, కట్ చేసి పక్కింటి వాళ్లనైనా పిలవండి.