హోమ్ లోన్ బ్యాంకు మార్చాక 26 నెలలు: పెట్టిన ఖర్చు ఏ నెలలో తిరిగొచ్చింది?

తిరుపతిలో తుడా అప్రూవ్డ్ లేఅవుట్‌లోని ఇంటి మీద లోన్. మార్చే నాటికి బాకీ 30 లక్షలు, మిగిలిన గడువు 15 ఏళ్లు, వడ్డీ 9.25 శాతం. కొత్త బ్యాంకు ఇచ్చింది 8.5. రెండూ ఫ్లోటింగే, రెండూ ఆర్‌బీఐ రెపో రేటుకు ముడిపడినవే. కాబట్టి రెపో ఎటు కదిలినా మధ్యలో ముప్పావు శాతం తేడా అలాగే ఉంది. పాత లోన్ బ్యాంకు సొంత నిధుల ఖర్చును బట్టి మారే ఎంసీఎల్ఆర్ మీద ఉంటే ఈ లెక్క ఇంత నిలకడగా ఉండదు.

ముందు ఖర్చులు. ప్రాసెసింగ్ ఫీజు జీఎస్టీతో కలిపి 8,850. లీగల్ ఒపీనియన్, వాల్యుయేషన్ 7,000. దస్తావేజులు కొత్త బ్యాంకుకు తాకట్టు పెట్టినట్టు రిజిస్ట్రారు ఆఫీసులో రాయించే ఎంఓడీకి, రాతకూలితో సహా 16,500. పాత తాకట్టు విడిపించినట్టు పాత బ్యాంకు రాసిచ్చే రిలీజ్ డీడ్‌కు 2,000. ఎవరూ చెప్పని ఖర్చు ఇంకొకటి ఉంది. కొత్త బ్యాంకు డీడీ తీసిన రోజు నుంచే దాని వడ్డీ మొదలవుతుంది, డీడీ జమయ్యేదాకా పాత వడ్డీ ఆగదు. మధ్యలో ఆరు రోజులు పట్టింది. రోజుకు 700 చొప్పున దాదాపు 4,200. మొత్తం 38,500 చిల్లర. పాత బ్యాంకు ముందుగా తీర్చినందుకు ఫైన్ వేయలేదు. వ్యక్తుల ఫ్లోటింగ్ హోమ్ లోన్‌కు వేయకూడదని ఆర్‌బీఐ నిబంధన.

ఇక తిరిగొచ్చే నెల. బ్యాంకు మేనేజరు కాగితం మీద వేసి చూపించేది కిస్తు తేడా. కొత్త లోన్‌ను 20 ఏళ్లకు సాగదీస్తే కిస్తు 30,876 నుంచి 26,035కి దిగుతుంది. నెలకు 4,841 మిగిలినట్టు కనిపిస్తుంది, ఎనిమిదో నెలకే ఖర్చు వచ్చేసినట్టు ఉంటుంది. అది వట్టి భ్రమ. చివరిదాకా కడితే పాత లోన్ కన్నా దాదాపు 6.9 లక్షలు ఎక్కువ కడతాం. గడువు అదే 15 ఏళ్లు ఉంచితే కిస్తు 29,542. తేడా 1,334, ఖర్చు 29వ నెలలో వస్తుంది. ఇదీ సరైన లెక్క కాదు. కొత్త లోన్‌లో అసలు కూడా ఎక్కువ తరుగుతోంది, ఆ లాభం కిస్తులో కనపడదు.

చూడాల్సింది వడ్డీ తేడా. మొదటి నెల 30 లక్షల మీద 0.75 శాతం, పన్నెండో వంతు: 1,875. బాకీ తగ్గేకొద్దీ ఇదీ కొంచెం కొంచెం తగ్గుతుంది. నెలనెలా కూడుకుంటూ పోతే 22వ నెలలో 38,500 దాటింది. పాత కిస్తు 30,876నే కొత్త లోన్‌కూ కట్టడం మంచిది. మిగిలింది చేతిలో నిలవకుండా అసలులోకి పోతుంది.

లోన్‌తో పాటు ఇన్సూరెన్స్ అంటగట్టే ప్రయత్నం తప్పక జరుగుతుంది. 45,000 ప్రీమియం కలిస్తే 22వ నెల కాస్తా 48వ నెల అవుతుంది. అడిగి తీయించుకోవాలి, సాంక్షన్ లెటరు రాకముందే.

నిజానికి ఈ బదిలీకి నేను ఇచ్చేది ఐదుకు మూడు. కారణం, పాత బ్యాంకునే అడిగి ఉంటే జీఎస్టీతో 5,900 తీసుకుని 8.75కి మార్చేది. అప్పుడు బదిలీ వల్ల అదనంగా వచ్చేది పావు శాతమే, మొదటి నెలలో 625. దాని కోసం అదనంగా పెట్టిన ఖర్చు 32,600. ఆ రెంటినీ పోలిస్తే తిరిగొచ్చేది 58వ నెలకు, దాదాపు ఐదేళ్లకు. మధ్యలో ఇల్లు అమ్మినా, లోన్ తీర్చేసినా నష్టమే. ముందు పాత బ్యాంకుకు రేటు తగ్గించమని రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, వాళ్లు ఎంత తగ్గిస్తారో తెలిశాకే బయటికి వెళ్లాలి.

ఇరుక్కునేది దస్తావేజుల దగ్గర. లోన్ తీరిన 30 రోజుల్లో ఒరిజినల్స్ ఇవ్వాలి, బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 ఇవ్వాలి. 2023 డిసెంబరు నుంచి ఆర్‌బీఐ నియమం ఇది. బ్యాంకు దగ్గరున్న పత్రాల జాబితాను డీడీ ఇవ్వకముందే తీసుకుని, అందిన రోజు లింకు డాక్యుమెంట్లతో సహా ఒక్కొక్కటీ టిక్కు పెట్టుకోవాలి. తర్వాత ఇంటి మీద రిజిస్టరైన లావాదేవీలన్నీ చూపించే ఈసీ తీయించాలి. పాత ఎంఓడీకి ఎదురుగా రిలీజ్ డీడ్ నంబరు కనిపించకపోతే, ఈసీలో ఒకే ఇంటి మీద ఇద్దరికి తాకట్టు నడుస్తున్నట్టే ఉంటుంది. అమ్మేటప్పుడు కొనేవాళ్ల లాయరు మొదట పట్టుకునేది అదే.

చిన్న సంగతి: బదిలీ జరిగిన ఆర్థిక సంవత్సరానికి వడ్డీ సర్టిఫికెట్ రెండు బ్యాంకుల దగ్గరా తీసుకోవాలి. ఖాతా మూసేశాక పాత బ్రాంచిలో దాన్ని అడిగితే కౌంటర్ నుంచి కౌంటర్‌కు తిప్పుతారు.