పాత తేదీ చెక్కు, రాబోయే తేదీ చెక్కు: ఏది తీసుకోవాలి?

బెంగళూరులో ఇల్లు ఖాళీ చేస్తే యజమాని అడ్వాన్సును రెండు చెక్కులుగా ఇచ్చారు. ఒకదానిపై 10-02-2025, రెండోదానిపై 10-06-2025. నా చేతికి వచ్చింది మే 5న.

గడువు: చెక్కు మీది తేదీ నుంచి మూడు నెలలే. 2012 ఏప్రిల్‌కు ముందు ఆరు నెలలు ఉండేది. చాలామంది ఇంకా అదే లెక్క వేస్తారు. మొదటి చెక్కుకు మే 10 దాకా అనుకున్నాను. క్యాలెండర్ చూస్తే రెండో శనివారం, బ్యాంకుకు సెలవు! అందుకే చేతికొచ్చిన మర్నాడే, మే 6న, వేసేశాను. రెండోదాని గడువు జూన్ 10నే మొదలవుతుంది.

ఖర్చు: గడువు తీరినది వేసినా, తేదీ రాకముందే వేసినా చెక్కు తిరిగొస్తుంది, రుసుము పడవచ్చు.

ప్రమాదం: గడువు తీరితే బాకీ పోదు, కానీ చెక్కు బౌన్స్ కేసుకు, అంటే సెక్షన్ 138కి, ఆధారం పోతుంది. రాబోయే తేదీ చెక్కుకు ఆ రక్షణ ఉంటుంది, ఆ రోజుకు ఖాతాలో డబ్బు ఉంటుందన్న హామీ మాత్రం లేదు.

వారం కూడా మిగలని పాత చెక్కయితే కొత్తది రాయించుకోండి. ఇచ్చేవారిపై నమ్మకం ఉండి, ఆగగలిగితే రాబోయే తేదీది తీసుకోండి.