ఫ్రీ ట్రయలా, ఫ్రీమియమా? షాపుల బిల్లింగ్ యాప్‌కి ఏది మేలు?

"బిల్లింగ్ యాప్ తయారైంది. 14 రోజుల ట్రయల్ ఇద్దామా, ఎప్పటికీ ఉచితంగా ఉండే ఫ్రీమియం ప్లాన్ ఒకటి పెడదామా?" కొత్తగా ప్రొడక్ట్ మొదలుపెట్టినవాళ్లు నన్ను పదేపదే అడిగే ప్రశ్న ఇది. ట్రయల్‌లో నూటికి 15 మంది కొంటారని, ఫ్రీమియంలో ముగ్గురే కొంటారని ఎక్కడో చదివి, తేలిపోయిందనుకుంటారు. ఆ రెండు అంకెల్నీ అలా పోల్చకూడదు.

ఊహకి ఒక లెక్క వేద్దాం. సైటుకి 1000 మంది వచ్చారు. ట్రయల్ పెడితే 60 మంది చేరారు, అందులో 15 శాతం అంటే 9 మంది కొన్నారు. ఉచిత ప్లాన్ పెడితే 200 మంది చేరారు, 3 శాతం అంటే ఆరుగురు కొన్నారు. శాతాల్లో ఐదు రెట్ల తేడా, మనుషుల్లో ముగ్గురి తేడా. పైగా ఉచిత ప్లాన్‌లో ఉన్నవాళ్లు ఆరు నెలలకో ఏడాదికో కూడా కొంటారు. అందుకే ఏ నెలలో చేరినవాళ్లను ఆ నెల గుంపుగానే ఉంచి, నెలనెలా ఎంతమంది డబ్బు కట్టారో చూడాలి. ఈ నెల కట్టినవాళ్లను ఈ నెల చేరినవాళ్లతో భాగిస్తే, ప్రకటనలు ఆపిన నెలలో కన్వర్షన్, అంటే చేరినవాళ్లలో కొనేవాళ్ల శాతం, పెరిగినట్టు కనిపిస్తుంది. నిజానికి పెరిగిందేమీ ఉండదు, కొత్తవాళ్లు తగ్గారంతే. మొదటి చెల్లింపు దగ్గర ఆగకుండా మూడో నెల కూడా కట్టినవాళ్లనే లెక్కలోకి తీసుకోమంటాను.

ముందే కార్డు అడిగే ట్రయల్ సంగతి రెండు మాటల్లో. ఆటో డెబిట్‌కి 24 గంటల ముందే కస్టమర్‌కి సమాచారం వెళ్లాలన్న రిజర్వ్ బ్యాంక్ నిబంధన 2021 అక్టోబర్ నుంచి గట్టిగా అమలవుతోంది. రద్దు చేయడం మర్చిపోయేవాళ్ల మీద వచ్చే ఆదాయం మన దగ్గర నిలవదు. చేరేవాళ్లూ తగ్గిపోతారు. వదిలేయండి.

నా దృష్టిలో అసలు తేల్చేది వేరే ఉంది: యాప్ వల్ల లాభం వాడేవాడికి ఏ రోజు కనిపిస్తుంది? బిల్లు కొట్టడం ఏ యాప్ అయినా చేస్తుంది. నెలవారీ రిటర్న్ వేసే షాపుకి తర్వాతి నెల 11వ తేదీలోపు అమ్మకాల రిటర్న్ జీఎస్టీఆర్-1 వెయ్యాలి. ఆ రోజు ఒక్క నొక్కుతో అమ్మకాల లెక్కంతా ఆడిటర్‌కి వెళ్లిపోయినప్పుడే ఓనర్‌కి యాప్ విలువ తెలుస్తుంది. 12న చేరినవాడికి 14 రోజుల ట్రయల్ 26కల్లా అయిపోతుంది. ఆ 11వ తేదీ అతను చూడనే చూడడు. "ట్రయల్ పని చేయలేదు" అని మీరనుకుంటారు. చేరిన తేదీలవారీగా కన్వర్షన్ విడదీసి చూడండి. నెలాఖరులో చేరినవాళ్లు ఎక్కువగా కొని, 12కీ 26కీ మధ్య చేరినవాళ్లు కొనకపోతుంటే జబ్బు ఇదే. గడువు 45 రోజులకు పెంచితే చాలు. మూడు నెలలకోసారి రిటర్న్ వేసే చిన్న షాపులకు మాత్రం ఇదీ సరిపోదు. వాళ్లకు రోజులు కాకుండా బిల్లులు లెక్కపెట్టాలి: మొదటి 300 బిల్లులు ఉచితం, ఆ పైన డబ్బు.

ఇక ఊరికే వాడుకునేవాళ్లు. ట్రయల్ అయిపోగానే కొత్త ఫోన్ నంబర్‌తో మళ్లీ చేరేవాళ్లుంటారు. ట్రయల్‌ని ఫోన్‌కి కాక జీఎస్టీ నంబర్‌కి కట్టండి. అందులోని 15 అక్షరాల్లో మొదటి రెండూ రాష్ట్రం కోడ్ (తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37), తర్వాతి పదీ పాన్. ఆ పదింటినీ సరిచూస్తే హైదరాబాద్‌లో ఒకసారి, విజయవాడలో ఒకసారి ట్రయల్ తీసుకున్న ఒకే వ్యాపారి దొరికిపోతాడు. జీఎస్టీ నంబర్ లేని షాపులకు ఈ తాళం పనిచేయదు.

ఉచిత ప్లాన్‌లో బెడద ఇంకో రకం. యాప్‌లను నడిపే క్లౌడ్ సేవ హెరోకు తన ఉచిత ప్లాన్లను 2022 నవంబర్‌లో ఎత్తేసినప్పుడు దుర్వినియోగాన్ని ఆపడానికే తమ వాళ్ల శ్రమ విపరీతంగా పోతోందని చెప్పింది. బిల్లింగ్ యాప్‌లో మనుషుల సమయం తినేది ఫోన్ సపోర్ట్. ప్రింటర్ కనెక్ట్ కాలేదని వచ్చే కాల్ ఉచితంగా వాడేవాడిదైనా, డబ్బు కట్టేవాడిదైనా అరగంట తీసుకుంటుంది.

ఉచితంగా వాడేవాడు ఇంకో నలుగురిని తెస్తే అదంతా భరించవచ్చు. తెస్తున్నాడో లేదో కొలవవచ్చు కూడా: వాట్సాప్‌లో వెళ్లే బిల్లు అడుగున ఆ షాపు కోడ్‌తో లింకు పెట్టండి. పై లెక్కలో డబ్బు కట్టని 194 మంది ఆ లింకులతో 40 మందిని తెచ్చారనుకుందాం. 3 శాతం చొప్పున వాళ్లలో కొనేది ఒక్కరే. కిరాణా బిల్లు అందుకునేది ఇంటి మనిషి, ఆమెకు బిల్లింగ్ యాప్‌తో పనిలేదు. అదే హోల్‌సేల్ డీలర్ బిల్లు ఇంకో షాపువాడికే వెళ్తుంది. మీ కస్టమర్లు హోల్‌సేలర్లయితే ఉచిత ప్లాన్ పెట్టండి, ఫోన్ సపోర్ట్ మాత్రం తీసేసి. రిటైల్ షాపులయితే నా ఓటు ట్రయల్‌కే.

మొదట అన్నీ ఇచ్చి, గడువు తీరాక ఉచిత ప్లాన్‌లోకి దించే మూడో పద్ధతీ ఉంది. రెండింటి ఖర్చూ మీద పడుతుంది కాబట్టి ఇద్దరు ముగ్గురున్న టీమ్‌కి నేను చెప్పను.