గంగాజమున చీరకు జాకెట్టు కుట్టిస్తున్నారా? చేతుల అంచు చూసుకోండి

చెన్నైలో పట్టుచీర కొని, టీ నగర్ చుట్టుపక్కలే జాకెట్టు కుట్టడానికి ఇచ్చేసే మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఇది రాస్తున్నాను. ఆడపడుచు కూతురి పెళ్లికని గంధం రంగు కంచిపట్టు తీసుకున్నాను. గంగాజమున బోర్డర్, అంటే ఒక పక్క అంచు మెరూన్, రెండో పక్క ఆకుపచ్చ. నోటితో చెబితే మర్చిపోతారని టైలరుకు ఉత్తరమే రాసిచ్చాను. అందులో ఉన్నది ఇదీ:

"మాస్టర్ గారికి, జాకెట్టు ముక్కకు రెండు పక్కలా రెండు రంగుల అంచులున్నాయి. రెండు చేతులకూ మెరూన్ అంచే రావాలి. ఆకుపచ్చ అంచు ఎక్కడా వాడొద్దు. మెడకు పైపింగ్ మాత్రం ఆకుపచ్చ. దానికి వేరే పట్టు ముక్క ఇస్తున్నాను, అందులోంచే క్రాస్‌లో తీయండి, రెడీమేడ్ పైపింగ్ వద్దు. మిగిలిన ముక్కలన్నీ తిరిగి ఇవ్వండి. అనుమానం ఉంటే కత్తెర పెట్టకముందే ఫోన్ చేయండి."

కొట్టాయన తెలుగు చదవగలరు. చదివి, "అంతా చూసుకుంటానమ్మా, టెన్షన్ పడకండి" అని చీటీని బిల్లు పుస్తకంలో పెట్టుకున్నారు. అది అక్కడే ఉండిపోయింది. బట్ట మాత్రం వెనక గదిలో కటింగ్ మాస్టర్ దగ్గరికి వెళ్లింది.

తెచ్చుకుని చూస్తే ఒక చేతికి మెరూన్, ఇంకో చేతికి ఆకుపచ్చ! అడిగితే "గంగాజమున కదమ్మా, అలా ఉంటేనే ఫ్యాషన్" అన్నారు. ఫ్యాషనూ కాదు, పాడూ కాదు. మామూలుగా బట్టను అంచు మీదికి అంచు వచ్చేలా మడిచి రెండు చేతులూ ఒకే కత్తిరింపులో తీస్తారు. రెండు అంచులూ ఒకేలా ఉండే చీరకు అది చక్కగా సరిపోతుంది. గంగాజమునకు అలా మడిస్తే ఒక్కో చేయి ఒక్కో రంగు మీద పడుతుంది. దీనికి బట్టను అడ్డంగా, అంటే కోసిన కొస మీదికి కోసిన కొస వచ్చేలా మడవాలి. అప్పుడే రెండు చేతులూ ఒకే అంచు వెంట పక్కపక్కన వస్తాయి.

కత్తెర పడ్డాక కూడా సరిదిద్దే దారి ఉంది. మెరూన్ అంచులో మిగిలిన ముక్క ఉంటే, రెండో చేతికి ఆకుపచ్చ తీసేసి దాన్ని అతికించవచ్చు. అందుకే ముక్కలు అడిగాను. "చిన్న చిన్న ముక్కలమ్మా, పారేశాం" అన్నారు. చివరికి వేరే ఆమె దగ్గర రెండు అంచులూ తీయించేసి, చేతులు పొట్టి చేయించాను. అంత డబ్బు పోసి కొన్న అంచు జాకెట్టు మీద లేకుండానే పోయింది.

పైపింగ్ సంగతి ఇంకా ఘోరం. నేనిచ్చిన ఆకుపచ్చ పట్టు పక్కన పెట్టి, తమ దగ్గరున్న మెరూన్ రెడీమేడ్ పైపింగ్ వేశారు. అది నిలువు దారం మీద కత్తిరించిన పట్టీ కావడంతో మెడ వంపులో ముడతలు పడి లేచి నిలబడింది. క్రాస్‌లో తీసిన పట్టీ అయితే రెండు వేళ్లతో లాగినప్పుడు కాస్త సాగుతుంది, దారాలు ఏటవాలుగా కనిపిస్తాయి. నిలువుగా తీసింది సాగదు. పెళ్లి పందిట్లో చెమటకు మెరూన్ దిగి గంధం రంగు మెడ చుట్టూ ఎర్రటి చార పడింది. డ్రై క్లీనింగ్‌కు ఇచ్చినా పూర్తిగా పోలేదు. లేత జాకెట్టుకు ముదురు పైపింగ్ వేయిస్తుంటే ఆ గుడ్డను ముందే తడిపి, తెల్ల రుమాలు మధ్య పెట్టి గట్టిగా నొక్కి చూడండి. రుమాలుకు రంగు అంటితే ఆ గుడ్డ వద్దు.

కుట్టు కూలి తిరిగి ఇచ్చారు, బట్ట ఖరీదు ఇవ్వలేదు. బిల్లు మీద "జాకెట్టు 1, లైనింగ్" అని తప్ప ఏమీ లేదు కాబట్టి గట్టిగా వాదించడానికి కూడా లేకపోయింది. మీరు ఉత్తరం రాస్తే కౌంటర్లో ఇచ్చి రాకండి, జాకెట్టు ముక్కకే పిన్ను పెట్టండి. మెరూన్ అంచు మీద సుద్దతో "చేయి, చేయి" అని రెండు చోట్ల రాయించండి. ఆ బట్ట, చీటీ కలిపి అక్కడే ఫొటో తీసుకోండి. కటింగ్ మాస్టరుకు తెలుగు రాకపోయినా సుద్ద గుర్తు అర్థమవుతుంది.

ఒక్కటి మాత్రం చీర కొనేటప్పుడే చూసుకోవాలి. జాకెట్టు ముక్క సాధారణంగా 80 సెంటీమీటర్లు, అంటే 31 అంగుళాల పైచిలుకు ఉంటుంది. కుట్టుకు వదిలే బట్టతో కలిపి ఒక్కో చేయి వెడల్పు 15 అంగుళాల లోపైతే రెండూ ఒకే అంచు మీద సరిపోతాయి. అంతకు మించితే చంక కింద అతుకు వేయక తప్పదు, ఆ మాట టైలరుతో ముందే తేల్చుకోండి.