జాగ్రత్త: బోనస్ షేర్ల తర్వాత స్టేట్‌మెంటులోని సగటు ధరను నమ్మి అమ్మకండి

మా బ్రోకర్ ఇచ్చిన పోర్ట్‌ఫోలియో స్టేట్‌మెంటును సరిచూడకుండా నమ్మి, ఉంచుకోవలసిన షేర్లలో వంద అమ్మేశాను. మీకు అలా జరగకూడదని రాస్తున్నాను.

ఒక కంపెనీ షేర్లు 2019లో రూ.240 చొప్పున 100, 2021లో రూ.390 చొప్పున 50 కొన్నాను. బ్రోకరేజీ వదిలేస్తే పెట్టిన డబ్బు రూ.43,500, సగటు ధర రూ.290. తర్వాత కంపెనీ ఒకటికి ఒకటి బోనస్ ఇచ్చింది, అంటే ఉన్న ప్రతి షేరుకు మరొకటి ఉచితంగా. షేర్లు 300 అయ్యాయి. నేను అదనంగా పైసా పెట్టలేదు కనుక సగటు రూ.145కు దిగాలి. స్టేట్‌మెంటులో మాత్రం షేర్ల సంఖ్య మారింది, సగటు రూ.290 దగ్గరే ఉండిపోయింది. మార్కెట్ ధర రూ.310 ఉన్న రోజున లాభం రూ.6,000 అని చూపింది. నిజానికి అది రూ.49,500. ఇన్నేళ్లకు ఇంతేనా అనుకుని 100 షేర్లు అమ్మాను.

పన్ను లెక్క దగ్గర అసలు సంగతి బయటపడింది. డీమ్యాట్‌లో ముందు కొన్నవే ముందు అమ్మినట్టు లెక్క. అంటే నేను అమ్మినవి 2019 నాటి రూ.240 షేర్లు. లాభం రూ.7,000. స్టేట్‌మెంటు రూ.2,000 అంది. మిగిలిన 200 షేర్లలో 150 బోనస్‌వి, పన్ను లెక్కలో వాటి ఖర్చు సున్నా. అందుకే వాటి సగటు ఇప్పుడు రూ.97.50.

ఈ తప్పును పట్టుకోవడానికి ఒక్క గుణకారం చాలు. ఇంకా ఏమీ అమ్మకముందు, షేర్ల సంఖ్యను సగటు ధరతో గుణించండి. అది కొన్నప్పుడు బ్రోకర్ పంపిన కాంట్రాక్ట్ నోట్ల ప్రకారం మీరు చెల్లించిన మొత్తానికి సరిపోవాలి. నా స్టేట్‌మెంటులో రూ.87,000 వచ్చింది, అంటే సరిగ్గా రెట్టింపు. డీమ్యాట్ షేర్లను భద్రపరిచే డిపాజిటరీ పంపే ఏకీకృత స్టేట్‌మెంటు ఇక్కడ పనికిరాదు. అందులో షేర్ల సంఖ్య, నేటి విలువ ఉంటాయి కానీ కొన్న ధర ఉండదు. పాత కాంట్రాక్ట్ నోట్లు దాచుకోండి, ముఖ్యంగా బ్రోకర్‌ను మార్చినవారు.

డివిడెండ్ మొత్తమూ తప్పే. బోనస్‌కు ముందు షేరుకు రూ.4 చొప్పున 150 షేర్లకు, తర్వాత రూ.2.50 చొప్పున 300 షేర్లకు, మొత్తం రూ.1,350 నా బ్యాంకు ఖాతాలో పడింది. స్టేట్‌మెంటు రెండింటినీ 300తో గుణించి రూ.1,950 చూపింది. డివిడెండ్ ఎవరికి ఇవ్వాలో తేల్చడానికి కంపెనీ పెట్టే రికార్డు తేదీన ఎన్ని షేర్లు ఉన్నాయన్నదే లెక్క, ఈరోజు ఎన్ని ఉన్నాయన్నది కాదు. ఒక కంపెనీ నుంచి ఏడాదిలో వచ్చిన డివిడెండ్ రూ.10,000 దాటితే (2025 ఏప్రిల్ నుంచి ఇదే పరిమితి) పది శాతం టీడీఎస్ కోసుకుని మిగతాదే బ్యాంకులో వేస్తారు. అప్పుడు పాస్‌బుక్‌తో పాటు ఆదాయపు పన్ను పోర్టల్‌లోని వార్షిక సమాచార నివేదిక ఏఐఎస్‌ను కూడా చూడండి, అందులో కోతకు ముందున్న మొత్తం కనిపిస్తుంది.

బ్రోకర్‌కు రెండు కాంట్రాక్ట్ నోట్లూ పంపాక సగటు సరిచేశారు. డివిడెండ్ మొత్తం ఇప్పటికీ రూ.1,950 అనే చూపుతోంది.