1857 తిరుగుబాటు వ్యాసానికి మార్కులు: అంశాల జాబితానా, ప్రమాణాల పట్టికా?

"1857 తిరుగుబాటుకు తూటాలే ప్రధాన కారణమా? చర్చించండి" అన్న 8 మార్కుల ప్రశ్నను రెండు విధాలుగా దిద్దవచ్చు. మొదటిది ఎనిమిది అంశాలు రాసుకుని, కనిపించినదానికల్లా ఒక మార్కు వేయడం. రెండోది వాదనకు 2, ఆధారాలకు 3, కారణాల విశ్లేషణకు 3 చొప్పున విడదీసి, ఒక్కో మార్కుకు జవాబులో ఏమి కనబడాలో ముందే రాసుకోవడం.

ఒక విద్యార్థి ఆరు కారణాలను వరుసగా పేర్కొని ఊరుకున్నాడనుకుందాం. జాబితాలో అతనికి 6 వస్తాయి. పట్టికలో వాదనకు 0, ఆధారాలకు 3, విశ్లేషణకు 1 కలిపి 4. మరో అమ్మాయి మూడే కారణాలు రాసినా, 1856లో అవధ్ విలీనం ఆ ప్రాంతం నుంచే వచ్చిన అనేకమంది సిపాయిలను ఎలా కలవరపెట్టిందో, ఆ అనుమానమే తూటాల పుకారును ఎలా నమ్మించిందో చూపితే, జాబితాలో 3 మాత్రమే, పట్టికలో 2, 2, 3 కలిపి 7 వస్తాయి.

అవధ్‌ను రాజ్యసంక్రమణ సిద్ధాంతం కింద కలుపుకున్నారని చాలామంది రాస్తారు. నిజానికి దుష్పరిపాలన సాకుతో కలుపుకున్నారు. జాబితా అవధ్, రాజ్యసంక్రమణ సిద్ధాంతం అన్న రెండు పేర్లూ కనిపించాయని మార్కులిచ్చేస్తుంది. పట్టికలో ఆధారాల దగ్గర తగ్గించాలి, అదే తప్పుకు విశ్లేషణలో మళ్లీ కోయకూడదు.

పట్టిక బలహీనత విశ్లేషణ గడిలోనే ఉంది: "బాగా విశ్లేషించారు" అని రాస్తే ఒకరు 2, ఇంకొకరు 3 వేస్తారు. "రెండు కారణాల మధ్య సంబంధాన్ని వివరించారు" అని రాసుకుని, ఇద్దరు ఉపాధ్యాయులూ ముందుగా అయిదారు జవాబు పత్రాలను విడివిడిగా దిద్ది చూసుకుంటే ఆ తేడా ఎక్కడ పుడుతోందో తెలుస్తుంది.