"ఇదేంటి?" అని మాత్రమే వస్తే: రెండేళ్లుగా వాడుతున్న ఒకే ఒక్క ప్రశ్న

బెంగళూరు ఎస్పీ రోడ్డు చుట్టుపక్కల గీజర్, మిక్సీ, వాషింగ్ మెషీన్ విడిభాగాలు అమ్మే కౌంటర్లలో వాట్సాప్ ఎలా మోగుతుందో అక్కడ పనిచేసేవాళ్లకు చెప్పక్కర్లేదు. మారతహళ్లి నుంచో, ఎలక్ట్రానిక్ సిటీ నుంచో ఒక మెసేజ్ వస్తుంది. అందులో "ఇదేంటి?" అని తప్ప ఏమీ ఉండదు. ఫోటో ఉండదు, పలకరింపు ఉండదు, పేరు కూడా ఉండదు. ఇలాంటివాటికి జవాబుగా వాడే సేవ్ చేసిన ప్రశ్న గురించే ఈ సమీక్ష. వాట్సాప్ బిజినెస్‌లో స్లాష్ కొడితే వచ్చే క్విక్ రిప్లై ఎలా పెట్టుకోవాలో అందరికీ తెలిసిందే కాబట్టి దాన్ని వదిలేస్తున్నాను.

ఇప్పుడు వాడుతున్న పాఠం ఇది:

"ఫోటో ఇంకా మాకు రాలేదండీ, మాట ఒక్కటే వచ్చింది. ఈలోగా ఒక్కటి చెప్పండి: ఇది దేంట్లోంచి ఊడొచ్చింది?"

దీనిలో నాకు బాగా నచ్చింది "దేంట్లోంచి ఊడొచ్చింది" అన్న ముక్క. అంతకుముందు కొన్నాళ్లు "ఎలా ఉంది, కాస్త వివరించండి" అని అడిగేవాళ్లం. అది వినడానికి మర్యాదగానే ఉంటుంది, పనికి మాత్రం రాదు. "ఎలా ఉంది" అంటే "తెల్లగా, కడ్డీలా" అంటారు. బోరు నీళ్లో ట్యాంకర్ నీళ్లో వాడే ఇంట్లో గీజర్ విప్పితే లోపలి భాగం ప్రతిదీ సున్నపు పొరతో తెల్లగానే ఉంటుంది. కనబడేదాన్ని ఎంత చెప్పినా భాగాలు వేరుపడవు. ఎక్కణ్నుంచి వచ్చిందో చెబితే వేరుపడతాయి. "గీజర్" అనగానే కౌంటర్‌లో ఉన్నవాళ్లు వెతకాల్సింది వెయ్యి వస్తువుల్లోంచి ఐదారుకు దిగుతుంది: ఎలిమెంట్, థర్మోస్టాట్, థర్మల్ కటౌట్, ఆనోడ్ రాడ్, సేఫ్టీ వాల్వ్, గాస్కెట్. పైగా ఈ ప్రశ్నకు జవాబివ్వడానికి అడిగినవాళ్లకు ఏ పేరూ తెలియక్కర్లేదు. ఇంట్లో ఏ మెషీన్ విప్పారో చెబితే చాలు.

ఫోటో సంగతి ముందు చెప్పడానికి కారణం ఉంది. పంపినవాళ్ల స్క్రీన్ మీద ఫోటో ఉన్నట్టే కనిపిస్తుంది. దాని మీద గుండ్రం తిరుగుతూనే ఉంటుంది, కింద టైప్ చేసిన "ఇదేంటి?" మాత్రం చిన్నది కనక ముందే వచ్చేస్తుంది. ఫోటో కిందే క్యాప్షన్‌గా రాస్తే రెండూ కలిసే వస్తాయి. విడిగా రాస్తేనే ఈ తంటా. కాబట్టి "ఫోటో పెట్టలేదు కదా" అంటే వాళ్లకు కోపం వస్తుంది, పెట్టామనే వాళ్లనుకుంటున్నారు మరి. "మాకు రాలేదు" అంటే వాళ్లే ఫోన్ చూసుకుని, గుండ్రం ఇంకా తిరుగుతోందని గమనిస్తారు. ఆ మాట అనేముందు మన వైపు కూడా ఒకసారి చూసుకోవాలి. ఆటో డౌన్‌లోడ్ ఆపేసిన ఫోన్‌లో ఫోటో మసగ్గా, కిందికి బాణం గుర్తుతో ఉంటుంది. అది రానట్టు కాదు, మనం నొక్కనట్టు.

ఇక అసలు దెబ్బ తగిలిన సంగతి. ఇప్పటి పాఠానికి ముందు "ఎలా ఉంది" బాగాలేదని ఇంకోటి వాడాం. గీజర్ అని తెలిశాక, తెలివైన ప్రశ్న అనుకుని "ఎలిమెంటా, థర్మోస్టాటా?" అని అడిగేవాళ్లం. రెండిట్లో ఒకటి ఎంచుకోమంటే అవతలివాళ్లకు సులువని మా లెక్క. బీటీఎం లేఅవుట్ నుంచి ఒకాయన అలాగే "ఇదేంటి?" అని పంపారు, ఫోటో రాలేదు. గీజర్‌దని చెప్పాక ఈ ప్రశ్న వెళ్లింది. "ఎలిమెంట్ అనుకుంటా అన్నా, పొడుగ్గా ఉంది" అన్నారు. 15 లీటర్ల గీజర్ అన్నారు, 2000 వాట్లదే కదా అంటే అవునన్నారు. ఎలిమెంట్ ప్యాక్ చేసి బైక్ మీద పంపించాం. గంట తర్వాత ఫోటో వచ్చింది: ఒక పక్క మేం పంపిన కొత్త ఎలిమెంట్, ఇంకో పక్క ఆయన చేతిలో ఉన్న పాత వస్తువు. అది ఆనోడ్ రాడ్. జానెడు మెగ్నీషియం కడ్డీ, సగం అరిగిపోయి, మధ్యలోని ఇనుప తీగ బయటపడింది.

ఇది అడిగిన తీరులోని తప్పు. ఆయనకు ఆ గీజర్ భాగాల్లో ఒక్కదాని పేరూ తెలియదు. మేం రెండు పేర్లు చేతిలో పెట్టాం, ఆయన దగ్గరగా ఉన్నదాన్ని పట్టుకున్నారు. మూడోది కూడా ఉండొచ్చని ఆయనకు తట్టే దారే లేదు. పైగా ఈ పొరపాటు వెంటనే బయటపడేది కాదు. ఆయన ఫోటో తీయకుండా కొత్త ఎలిమెంట్ వేసుకుని, ఆనోడ్ లేకుండానే గీజర్ మూసేసి ఉంటే నీళ్లు చక్కగా వేడెక్కేవి. ఆనోడ్ పని నీళ్లు వేడిచేయడం కాదు, ట్యాంకు ఉక్కు తుప్పు పట్టకుండా తానే ముందు తుప్పు పట్టడం. అది లేకపోతే ట్యాంకు నెమ్మదిగా చిల్లులు పడుతుంది. అప్పటికి ఈ సంభాషణ ఎవరికీ గుర్తుండదు.

ఆ తర్వాత పెట్టుకున్న పద్ధతి: మొదటి ప్రశ్నకు "గీజర్" అని వస్తే రెండో ప్రశ్నలో పేర్లు ఉండవు. చేతిలో పట్టుకుని చూసి చెప్పగలిగేదే అడుగుతాం. "దానికి వైర్లు తగిలించే పిన్నులు ఎన్ని ఉన్నాయి?" పొడుగాటి కడ్డీకి సున్నా అంటే ఆనోడ్ వైపు, రెండు అంటే ఎలిమెంట్, థర్మోస్టాట్‌ల వైపు వెళ్తాం. "ఉన్నాయా?" అనొద్దు, "ఎన్ని?" అనాలి. "ఉన్నాయా?" అంటే మొహమాటానికైనా "ఆ ఉన్నాయండీ" అనేవాళ్లు బోలెడుమంది. లెక్క అడిగితే చూసి లెక్కపెడతారు. ఆనోడ్ అని తేలాక మూడోది మర సైజు. M4 నుంచి M8 దాకా వస్తాయి కాబట్టి మాటల్లో తేలదు. ఆ పాటికి ఫోటో ఎలాగూ వచ్చి ఉంటుంది. మర పక్కన ఒక రూపాయి బిళ్ల పెట్టి ఇంకోటి తీయమంటాం, లేదంటే పాతదాన్నే తెచ్చుకోమంటాం.

గీజర్ అన్న జవాబుకు ఇంకో మాట కూడా జోడించాం, పేరు కనుక్కోవడం కంటే ముందు వెళ్లాల్సింది: "ప్లగ్ తీసేశారా? ట్యాంకు ఖాళీగా ఉండగా స్విచ్ వేయకండి." నీళ్లు లేకుండా ఎలిమెంట్ వేడెక్కితే కాలిపోతుంది. "ఇదేంటి?" అని అడిగినవాళ్లు సాధారణంగా వస్తువు చేతిలో పట్టుకుని, గీజర్ తెరిచి ఉంచి, మధ్యలో ఉన్నారన్నమాట. మరిచిపోయి ఇంట్లో ఇంకెవరైనా స్విచ్ వేయొచ్చు.

ఇంత మెచ్చుకున్నాక కొంత తగ్గించుకోవాలి. "దేంట్లోంచి ఊడొచ్చింది" అన్నది, ఊడొచ్చిన వస్తువులకే పనిచేస్తుంది. ఇల్లు మారేటప్పుడు పాత కిరాయిదారు వదిలేసిన డబ్బాలో దొరికిన ముక్క గురించి అడిగితే వాళ్లకు మూలం తెలియదు. "తెలీదండీ, దొరికింది" అంటారు, అక్కడ సంభాషణ ఆగిపోతుంది. అలాంటప్పుడు "దాని మీద ఏమైనా అక్షరాలు, అంకెలు ఉన్నాయా? ఉన్నది ఉన్నట్టు టైప్ చేయండి" అన్నది బాగా పనిచేస్తుంది. కెపాసిటర్ మీద 2.5 అని ఉంటే ఫ్యానుదని అర్థమవుతుంది, ఫోటో రాకపోయినా ఫర్వాలేదు. మిక్సీ కప్లర్ లాంటి ప్లాస్టిక్ ముక్క మీద మాత్రం ఏమీ ఉండదు, అక్కడ ఫోటో వచ్చేదాకా ఆగాల్సిందే.

ఇంకో లోటు భాషలోనే ఉంది. తెలుగులో "ఇదేంటి?" అంటే ప్రతిసారీ పేరు అడుగుతున్నట్టు కాదు. గంట ముందు పంపిన బిల్లు చూసి "ఇదేంటి?" అంటే, ఇంతెందుకయింది అని. దానికి "దేంట్లోంచి ఊడొచ్చింది" అని పంపితే వెటకారం చేసినట్టుంటుంది. ఒకసారి అదీ జరిగింది, క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. కాబట్టి స్లాష్ కొట్టేముందు పైకి జరిపి, మనం పంపిన చివరి మెసేజ్ ఏంటో చూడాలి. అక్కడ మన బిల్లో, మన ఫోటోనో ఉంటే అది ఫోటో రాని కేసు కాదు. "దేని గురించండీ, బిల్లు గురించా?" అని అడగడమే మేలు. పేర్లు పెట్టి అడగొద్దన్న మాట ఇక్కడ వర్తించదు, ఎందుకంటే బిల్లు అనే మాట అడిగినవాళ్లకు తెలుసు.

వెంటనే పంపడం కూడా పనికిరాదు. మొదట్లో మెసేజ్ రాగానే పంపేవాళ్లం. ప్రశ్న వెళ్లిన పది సెకన్లకు ఫోటో వచ్చేది. "ఫోటో పంపాను కదా" అని చిరాకు మొదలయ్యేది. ఇప్పుడు రెండు నిమిషాలు ఆగి పంపుతాం. ఈ రెండు నిమిషాల్లో సగానికి సగం ఫోటోలు వాటంతటవే వచ్చేస్తాయని ఒక అంచనా, లెక్క పెట్టింది కాదు. గీజర్ విప్పి కూర్చున్నారనిపిస్తే, ముందటి మెసేజ్‌ల్లో ఆ ఊసు ఉంటే ఆగం.

ఒకేసారి నాలుగు ప్రశ్నలు పెట్టినా తిప్పలే: ఏ మెషీన్, ఏ కంపెనీ, ఎన్ని లీటర్లు, ఎప్పుడు కొన్నారు అని రాస్తే చివరిదానికే జవాబొస్తుంది. "మూడేళ్లయింది." దాంతో ఏం చేసుకుంటాం?

విడిభాగాల కౌంటర్‌కు ఇది సరిపోతుంది. ఎలక్ట్రీషియన్లకు, ప్లంబర్లకు కూడా కొద్దిగా మారిస్తే సరిపోవచ్చు, ఎందుకంటే వాళ్ల దగ్గరకు వచ్చేదీ ఊడిన వస్తువే. మందుల షాపు నడిపే తెలిసినవాళ్లు అడిగితే వద్దనే చెప్పాం. మాత్ర రంగు, ఆకారం మాటల్లో విని పేరు చెప్పకూడదు, స్ట్రిప్ వెనక ఉన్న పేరు కనిపించేలా ఫోటో వచ్చేదాకా ఆగాలి. ఇక మాది తెలుగు, కన్నడ మాట్లాడేవాళ్లు ఎక్కువగా వచ్చే కౌంటర్. కన్నడంలో "ఇదేను?" అని వచ్చినా ఇదే ప్రశ్నను కన్నడంలో పంపుతున్నాం, పనిచేస్తోంది. హిందీకి రాసుకున్న పాఠం ఇంకా కుదరలేదు, "కహాఁ సే నిక్లా" అంటే కొందరు షాపు పేరు చెబుతున్నారు.